ఏడాది తీర్మానాల మాస్టర్ ట్రాకర్: ఎక్సెల్‌లో ఏ అమరిక, ఏ ఫిల్టర్ ఎంచుకోవాలి?

సమావేశాల్లో ఏం నిర్ణయించారో మినిట్స్ పుస్తకం చెబుతుంది. ఆ నిర్ణయం ఇప్పుడు ఎక్కడ ఉంది, ఎవరి చేతిలో ఉంది అన్నది చెప్పడానికే ట్రాకర్ కావాలి. కార్యదర్శి స్థానంలో ఉన్నవారిని ఏడాది పొడవునా అడిగే ప్రశ్నలు స్థూలంగా రెండే ఉంటాయి: "ఇంకా ఏమేం మిగిలాయి?", "అందులో నా వంతు ఏమిటి?" మొదటి ప్రశ్నకు జవాబు స్థితి ఫిల్టర్, రెండో ప్రశ్నకు జవాబు బాధ్యుల ఫిల్టర్. అయితే ఫిల్టర్ సరిగ్గా పనిచేయడం ఆ బటన్ మీద కన్నా వరుసలను అమర్చిన తీరు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అందుచేత ముందు అమరికలో ఉన్న ఎంపికలను, ఆ తర్వాత ఫిల్టర్‌లో ఉన్న ఎంపికలను పోల్చి చూద్దాం.

మాటలు గాలిలో ఉండకుండా ఒకే తీర్మానాన్ని మొదటి నుంచి చివరి వరకు వెంట తీసుకువెళ్దాం. నెలకొకసారి సమావేశమయ్యే ఒక కార్యవర్గం మార్చి సమావేశంలో ఇలా తీర్మానించిందనుకోండి: "కార్యాలయ ఖాతాలకు కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కోసం మూడు కొటేషన్లు తీసుకుని కార్యవర్గం ముందుంచాలి. బాధ్యత: కోశాధికారి. గడువు: ఏప్రిల్ 30." ఏప్రిల్ సమావేశంలో పని జరుగుతోందన్నారు. మే నెలలో రెండు కొటేషన్లే వచ్చాయని వాయిదా వేశారు. జూన్‌లో ఈ బాధ్యతను సహ కార్యదర్శికి అప్పగించారు. జూలైలో దీని ప్రస్తావనే రాలేదు. ఆగస్టులో మూడు కొటేషన్లూ సమర్పించడంతో పని పూర్తయింది. తీర్మానం ఒక్కటే అయినా స్థితి నాలుగుసార్లు మారింది, బాధ్యులు ఒకసారి మారారు, ఒక నెల అంతా మౌనంగా గడిచింది. ఏ పద్ధతిని పరీక్షించడానికైనా ఈ ఒక్క ఉదాహరణ చాలు.

సమావేశానికొక షీటా, అన్నింటికీ ఒకే టేబులా?

చాలామంది మొదట ఎంచుకునేది సమావేశానికొక షీట్ పద్ధతి, ఎందుకంటే మినిట్స్ కూడా అలాగే సమావేశాలవారీగా ఉంటాయి. మార్చి షీట్‌లో ఆ నెల తీర్మానాలు రాస్తారు, ఏప్రిల్ వచ్చేసరికి మిగిలిన అంశాలను కొత్త షీట్‌లోకి కాపీ చేసి వాటి కింద కొత్తవి చేరుస్తారు. ప్రతి షీట్ ఆ నెల అజెండాకు అనుబంధంగా ముద్రించుకోవడానికి వీలుగా ఉంటుంది, ఆ మేరకు ఈ పద్ధతికి ఉపయోగం ఉంది.

మన కొటేషన్ల తీర్మానాన్ని ఇందులో పెట్టి చూస్తే లోపం వెంటనే బయటపడుతుంది. మార్చి షీట్‌లో అది "పెండింగ్" అని, ఏప్రిల్ షీట్‌లో "జరుగుతోంది" అని, మే షీట్‌లో "వాయిదా" అని ఉంటుంది. జూలైలో ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి ఆ నెల షీట్‌లోకి దాన్ని కాపీ చేయడం మరిచిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. అలా ఒక్క నెల తప్పిపోతే, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని అడిగితే తప్ప ఆగస్టు షీట్‌లోకి అది తిరిగి రాదు. ట్రాకర్ ఉన్నదే మనుషుల జ్ఞాపకశక్తి మీద ఆధారపడకుండా ఉండడానికి కనుక, ఈ లోపాన్ని చిన్నదిగా తీసుకోలేము.

ఎక్సెల్ ఫిల్టర్ ఒక్కసారికి ఒక్క షీట్ మీదే పనిచేస్తుంది. పన్నెండు షీట్లలో సహ కార్యదర్శికి సంబంధించినవన్నీ చూడాలంటే పన్నెండుసార్లు ఫిల్టర్ పెట్టాలి. మైక్రోసాఫ్ట్ 365లోనూ ఎక్సెల్ 2024లోనూ ఉన్న `VSTACK` ఫంక్షన్‌తో గానీ, పవర్ క్వెరీతో గానీ షీట్లన్నింటినీ ఒకచోటికి చేర్చవచ్చు కదా అని కొందరు అంటారు. చేర్చవచ్చు, కానీ అప్పుడు మన తీర్మానం అన్ని నెలల కాపీలతో, వేర్వేరు స్థితులతో అనేక వరుసలుగా వస్తుంది. "పెండింగ్" అని ఫిల్టర్ పెడితే ఆగస్టులోనే ముగిసిపోయిన పని మార్చి వరుస రూపంలో మళ్లీ కనిపిస్తుంది. లోపం షీట్లు విడిగా ఉండడంలో లేదు, ఒకే తీర్మానానికి అనేక వరుసలు ఉండడంలో ఉంది.

రెండో పద్ధతిలో ఏడాది తీర్మానాలన్నీ ఒకే టేబుల్‌లో, ఒక్కో తీర్మానానికి ఒక్క వరుస చొప్పున ఉంటాయి. ఏ సమావేశంలో ఆమోదించారన్నది ఒక కాలమ్ అవుతుంది. నెలకు ఐదారు తీర్మానాలు చేసే కార్యవర్గానికి ఏడాదికి అరవై, డెబ్బై వరుసలు దాటవు, ఎక్సెల్‌కు అది చాలా చిన్న పని. జూలైలో ఎవరూ మాట్లాడకపోయినా వరుస ఉన్నచోటే ఉంటుంది, దాని స్థితి "వాయిదా"గానో "జరుగుతోంది"గానో అలాగే నిలిచి ఉంటుంది, ఫిల్టర్ పెట్టిన ప్రతిసారీ కనిపిస్తుంది. నెలవారీ ప్రతి కావాలంటే సమావేశం తేదీ మీద ఫిల్టర్ పెట్టి ముద్రించుకోవచ్చు. తీర్మానాలు ఒక సమావేశం నుంచి మరో సమావేశానికి కొనసాగే సంస్థ ఏదైనా ఈ రెండో పద్ధతినే ఎంచుకోవాలన్నది నా స్పష్టమైన అభిప్రాయం. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే సమావేశమై, తీర్మానాలను అక్కడికక్కడే ముగించే సంస్థలకైతే మొదటి పద్ధతితో వచ్చే నష్టం పెద్దగా ఉండదు.

ఇక్కడ టేబుల్ అంటే గీతలు గీసిన గడులు కాదు. శీర్షికలున్న పరిధిని ఎంచుకుని `Ctrl+T` నొక్కితే ఏర్పడే నిజమైన ఎక్సెల్ టేబుల్ అని అర్థం. మామూలు పరిధి మీద ఫిల్టర్ పెట్టినప్పుడు మధ్యలో ఒక ఖాళీ వరుస ఉంటే దాని కింది వరుసలు ఫిల్టర్ పరిధిలోకి రాకుండా మిగిలిపోవచ్చు. అవి ఎప్పుడూ దాగవు, ఎప్పుడూ లెక్కలోకి రావు, చూసేవారికి ఆ సంగతి తెలియదు. టేబుల్ అయితే చివర కొత్త వరుస చేర్చగానే ఫిల్టర్, ఫార్ములాలు, డ్రాప్‌డౌన్లు తమంతట తామే ఆ వరుసకూ వర్తిస్తాయి. షీట్‌కు ప్రొటెక్షన్ పెడితే మాత్రం టేబుల్ ఇలా పెరగడం ఆగిపోతుంది. అందువల్ల మాస్టర్ షీట్‌కు తాళం వేయాలనుకునేవారు కొత్త తీర్మానాలు చేర్చే ముందు దాన్ని తీయవలసి ఉంటుంది.

మారిన స్థితిని ఎక్కడ రాయాలి?

ఒక్క వరుసే ఉంచుదామని నిర్ణయించుకున్నాక ఎదురయ్యే అసలు చిక్కు ఇదే, కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చూడాలి. మూడు మార్గాలు వాడుకలో ఉన్నాయి.

మొదటిది, `Status` గడిలో పాత మాట చెరిపి కొత్త మాట రాయడం. ఇది అన్నింటికన్నా సులువు, ఫిల్టర్ కూడా చక్కగా పనిచేస్తుంది. కానీ ఆగస్టులో ఒక సభ్యుడు లేచి "ఇది మే నెలలో ఎందుకు ఆగింది?" అని అడిగితే ట్రాకర్‌లో జవాబు ఉండదు. కొందరు ఈ లోటు పూడ్చడానికి `Remarks` కాలమ్‌లో తేదీలతో సహా రాసుకుంటూ పోతారు. నాలుగైదు నెలలకు ఆ గడి ఒక పేరా అవుతుంది, వరుస ఎత్తు పెరిగి తెర మీద నాలుగు తీర్మానాలు కూడా పట్టని పరిస్థితి వస్తుంది.

రెండోది, ప్రతి సమావేశానికీ ఒక కొత్త కాలమ్ చేర్చడం. `Apr`, `May`, `Jun` అంటూ కాలమ్‌లు కుడివైపు పెరుగుతాయి, మన తీర్మానం కథ అంతా ఒకే వరుసలో ఎడమ నుంచి కుడికి చదవవచ్చు. చూడడానికి ఇది ఎంతో బాగుంటుంది. అయితే స్థితి ఫిల్టర్ ఏ కాలమ్ మీద పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. తాజా నెల కాలమ్ మీద పెడితే, ఆ నెలలో చర్చకు రాని తీర్మానాలకు ఆ గడి ఖాళీగా ఉంటుంది. జూలై కాలమ్ మీద "జరుగుతోంది" అని ఫిల్టర్ పెట్టి చూడండి, మన తీర్మానం మళ్లీ మాయమవుతుంది. అంటే షీట్ల పద్ధతిలో ఉన్న లోపమే కాలమ్‌ల రూపంలో తిరిగి వచ్చిందన్నమాట.

మూడోది, రెండు టేబుళ్లు ఉంచడం. మొదటి టేబుల్‌లో తీర్మానాలు, ఒక్కోదానికి ఒక్క వరుస. రెండో టేబుల్‌లో పురోగతి నమోదు, ప్రతి సమావేశంలో ఏ తీర్మానం గురించి ఏం చెప్పారో ఒక్కో వరుస. మొదటిదానికి `tblRes` అని, రెండోదానికి `tblLog` అని పేరు పెట్టుకుందాం. మన ఉదాహరణకు లాగ్‌లో ఈ నాలుగు వరుసలు ఉంటాయి:

```
Res_ID   Met_On  Status     Note
M03-R02  Apr     జరుగుతోంది  ఒక కొటేషన్ అందింది
M03-R02  May     వాయిదా     రెండే వచ్చాయి
M03-R02  Jun     జరుగుతోంది  సహ కార్యదర్శికి బదిలీ
M03-R02  Aug     పూర్తి      మూడూ సమర్పించారు
```

ఇక `tblRes`లోని `Status` కాలమ్‌లో ఎవరూ ఏమీ టైప్ చేయరు. లాగ్‌లో ఆ తీర్మానానికి ఉన్న చివరి వరుసను వెతికి తెచ్చే ఫార్ములా అక్కడ ఉంటుంది:

```
=XLOOKUP([@[Res_ID]],tblLog[Res_ID],tblLog[Status],"పెండింగ్",0,-1)
```

చివరనున్న `-1` కింది నుంచి పైకి వెతకమని చెబుతుంది, కాబట్టి లాగ్‌లో అన్నింటికన్నా కింద ఉన్న స్థితి దొరుకుతుంది. లాగ్‌లో ఇంకా ఏమీ లేని కొత్త తీర్మానానికి "పెండింగ్" అని వస్తుంది. `XLOOKUP` ఎక్సెల్ 2021, మైక్రోసాఫ్ట్ 365లలో ఉంది. అంతకన్నా పాత వెర్షన్‌లో ఇదే పని ఇలా చేయవచ్చు, కాకపోతే లాగ్‌లో వరుస లేని తీర్మానానికి ఎర్రర్ వస్తుంది కనుక దాన్ని `IFERROR`లో పెట్టుకోవాలి:

```
=IFERROR(LOOKUP(2,1/(tblLog[Res_ID]=[@[Res_ID]]),tblLog[Status]),"పెండింగ్")
```

ఫార్ములా ఇచ్చిన విలువ మీద కూడా ఫిల్టర్ మామూలుగానే పనిచేస్తుంది. జూలైలో లాగ్‌లో ఏమీ రాయకపోయినా జూన్ నాటి "జరుగుతోంది" అన్న స్థితే నిలుస్తుంది. మే నెలలో ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు లాగ్‌లో ఆ నంబర్ మీద ఫిల్టర్ పెడితే జవాబు దొరుకుతుంది.

ఈ పద్ధతికి రెండు బలహీనతలున్నాయి, వాటిని ముందే తెలుసుకుని ఎంచుకోవాలి. ఒకటి, "చివరి వరుసే తాజాది" అన్న నమ్మకం మీద ఇదంతా నిలబడి ఉంది. ఎవరైనా లాగ్‌ను స్థితి ప్రకారం సార్ట్ చేసి సేవ్ చేస్తే, మే నెల వరుస ఆగస్టు వరుస కిందికి చేరి పూర్తయిన పని మళ్లీ "వాయిదా"గా కనిపించవచ్చు. అందుకే లాగ్‌లో `Met_On` కింద నెల పేరు కాకుండా అసలు తేదీ వేసుకోవడం మంచిది (పై పట్టికలో చదవడానికి వీలుగా నెలలు ఇచ్చాను), అలా ఉంటే అనుమానం వచ్చినప్పుడు తేదీ ప్రకారం పాత నుంచి కొత్తకు సార్ట్ చేస్తే అంతా సర్దుకుంటుంది. రెండోది, లాగ్‌లో నంబర్ తప్పుగా పడితే ఎర్రర్ ఏదీ రాదు. `M03-R02` బదులు `M03-R2` అని టైప్ చేస్తే ప్రధాన టేబుల్‌లో స్థితి మారకుండా నిశ్శబ్దంగా ఉండిపోతుంది. లాగ్ టేబుల్‌లో ఒక తనిఖీ కాలమ్ ఉంచితే ఇది వెంటనే తెలుస్తుంది:

```
=IF(COUNTIF(tblRes[Res_ID],[@[Res_ID]])=1,"","నంబర్ చూడండి")
```

ప్రధాన టేబుల్‌లో ఒకే నంబర్ పొరపాటున రెండు తీర్మానాలకు పడినా ఇదే తనిఖీ పట్టిస్తుంది. నంబర్ ఎలా పెట్టాలన్న విషయంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. మూడో సమావేశం రెండో తీర్మానాన్ని `3-2` అని రాస్తే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. ముందు ఒక అక్షరం చేర్చి `M03-R02` అని రాస్తే ఆ ఇబ్బంది ఉండదు, సున్నాలు ఉన్నందున వరుసక్రమం కూడా చెడదు.

లాగ్ నింపే ఓపిక ప్రతి సమావేశం తర్వాతా ఉంటుందా అన్నది మాత్రం ఎవరికి వారు నిజాయితీగా వేసుకోవలసిన ప్రశ్న. చర్చకు వచ్చిన అంశాలు నెలకు పది లోపు ఉంటే లాగ్ రాయడం కొద్ది నిమిషాల పని. ట్రాకర్‌ను ఒక్కరే నిర్వహిస్తూ, చరిత్ర కోసం మినిట్స్ తిరగేయడానికి సిద్ధపడేవారికి మొదటి మార్గం, అంటే గడిలోనే స్థితి మార్చడం, సరిపోతుంది. రెండో మార్గాన్ని మాత్రం ఎవరికీ సూచించలేను.

స్థితి మాటలు, బాధ్యుల పేర్లు

తెలుగులో ట్రాకర్ ఉంచేవారికి ఇక్కడ ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. "పూర్తి", "పూర్తయింది", "పూర్తి అయింది", "పూర్తైంది" అన్నవి చదివేవారికి ఒకటే, ఫిల్టర్‌కు నాలుగు వేర్వేరు అంశాలు. ఇంకా సూక్ష్మమైనది, తెలుగు టైపింగ్‌లో కొన్ని పదాల మధ్య కంటికి కనిపించని యూనికోడ్ అక్షరం చేరుతుంది. అప్పుడు డ్రాప్‌డౌన్‌లో అచ్చం ఒకేలా కనిపించే పదం రెండుసార్లు వస్తుంది, ఒకటి టిక్ చేస్తే రెండోదాని వరుసలు రావు. ఒకే పదం రెండుసార్లు కనిపించిందంటే కారణం సాధారణంగా ఇదే. విరుగుడు ఒక్కటే, స్థితిని చేత్తో టైప్ చేయనివ్వకుండా `Data Validation`లోని `List` ద్వారా ఎంచుకునేలా చేయడం. ఆ జాబితాలో ఐదు మాటలు చాలు: పెండింగ్, జరుగుతోంది, వాయిదా, పూర్తి, రద్దు. అయితే వేరేచోటి నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే డేటా వాలిడేషన్ అడ్డుకోదు. కాబట్టి నెలకొకసారి ఫిల్టర్ డ్రాప్‌డౌన్ తెరిచి ఐదుకు మించి అంశాలున్నాయా అని చూడడం అలవాటు చేసుకోవాలి.

బాధ్యుల కాలమ్‌లో ఎంచుకోవలసింది మరొకటుంది: ఒకే గడిలో ఇద్దరు ముగ్గురి పేర్లు కామాలతో రాయాలా, ఒక్కరినే రాయాలా? మొదటి తీరులో "కోశాధికారి, సహ కార్యదర్శి" అన్నది ఫిల్టర్ జాబితాలో ఒక కొత్త అంశంగా చేరుతుంది. కోశాధికారి అని టిక్ చేస్తే ఉమ్మడి బాధ్యతలు కనిపించవు. `Text Filters` లోని `Contains` వాడవచ్చు గానీ, అక్కడ "కార్యదర్శి" అని వెతికితే సహ కార్యదర్శి వరుసలు కూడా వచ్చిపడతాయి. అందువల్ల `Owner`లో జవాబు చెప్పవలసిన ఒక్కరినే రాసి, సహకరించేవారిని పక్కన `Support` అనే మరో కాలమ్‌లో పెట్టడం మేలు. నిజంగానే ఇద్దరికి రెండు వేర్వేరు పనులు అప్పగించిన తీర్మానమైతే `M03-R02a`, `M03-R02b` అని రెండు వరుసలు చేయాలి. అప్పుడు ఒకరి పని పూర్తయి మరొకరిది మిగిలి ఉన్న స్థితి కూడా సరిగ్గా కనిపిస్తుంది.

వ్యక్తి పేరు రాయాలా, పదవి పేరు రాయాలా అన్నది సంస్థ తీరును బట్టి నిర్ణయించుకోవాలి. ఏడాది మధ్యలో పదవులు మారే చోట పదవి రాయడమే నయం, పాత కోశాధికారి పేరు మీద ఉన్న పనులు అనాథలు కాకుండా కొత్తవారి ఫిల్టర్‌లోకి వస్తాయి. బాధ్యత ఒకరి నుంచి మరొకరికి మారడం అరుదు కాబట్టి `Owner`కు లాగ్ నుంచి ఫార్ములా పెట్టడం అనవసరం. జూన్‌లో మన తీర్మానం చేతులు మారినప్పుడు గడిలో "సహ కార్యదర్శి" అని మార్చి, బదిలీ సంగతి లాగ్ నోట్‌లో రాస్తే చాలు.

ఫిల్టర్ బటనా, స్లైసరా, ఫార్ములానా?

శీర్షికల పక్కన బాణం గుర్తుతో వచ్చే మామూలు ఫిల్టర్ అన్ని వెర్షన్లలోనూ ఉంది, ఒంటరిగా పనిచేసుకునే కార్యదర్శికి ఇదే ప్రధాన సాధనం. తేదీల మీద "ఈ నెల", "ఫలానా తేదీకి ముందు" వంటి షరతులు ఇందులోనే సులువుగా పెట్టవచ్చు. దీనిలో గమనించవలసిన లక్షణం ఒకటుంది: గడిలో విలువ మారినా ఫిల్టర్ తనంతట తాను మళ్లీ వర్తించదు. "జరుగుతోంది" అని ఫిల్టర్ పెట్టి ఉండగా ఒక తీర్మానం పూర్తయినట్టు లాగ్‌లో రాస్తే, ఆ వరుస తెర మీదే ఉంటుంది. `Ctrl+Alt+L` నొక్కినప్పుడే తొలగిపోతుంది. సమావేశానికి ముందు జాబితా ముద్రించేవారు ఆ మీటలు నొక్కిన తర్వాతే ముద్రించాలి. ఫిల్టర్ ఉన్న స్థితిలో అనేక గడులను పేస్ట్ చేయడం కూడా ప్రమాదకరం, ఎందుకంటే దాగి ఉన్న వరుసల మీద కూడా ఆ విలువలు పడే అవకాశం ఉంది.

స్లైసర్ అన్నది ఇదే ఫిల్టర్‌కు తెర మీద కనిపించే బటన్ల రూపం. టేబుళ్లకు స్లైసర్లు ఎక్సెల్ 2013 నుంచి అందుబాటులో ఉన్నాయి. టేబుల్‌లో ఒక గడి మీద ఉండి `Insert` ట్యాబ్‌లో `Slicer` నొక్కి `Owner`, `Status` ఎంచుకుంటే రెండు బటన్ల పెట్టెలు వస్తాయి. సమావేశంలో ప్రొజెక్టర్ మీద చూపిస్తూ ఒక్కొక్కరి పేరు మీద నొక్కుకుంటూ పోవడానికి దీన్ని మించినది లేదు, ఏ ఫిల్టర్ పెట్టి ఉందో అందరికీ కనిపిస్తుంది కూడా. కానీ స్లైసర్‌కు "పూర్తి, రద్దు తప్ప మిగిలినవన్నీ" అని చెప్పలేము, `Ctrl` పట్టుకుని మూడు బటన్లు నొక్కాలి. దీనికి ఒక చిన్న సహాయ కాలమ్ చక్కని మార్గం. `Live` అనే కాలమ్‌లో ఈ ఫార్ములా పెట్టి, `Status` బదులు దానికి స్లైసర్ పెడితే రెండు నొక్కులతో పని జరుగుతుంది:

```
=IF(OR([@Status]="పూర్తి",[@Status]="రద్దు"),"ముగిసింది",IF(AND([@Due]<>"",[@Due]<TODAY()),"గడువు దాటింది","నడుస్తోంది"))
```

మే 1న ఫైల్ తెరిస్తే మన కొటేషన్ల తీర్మానం తనంతట తానే "గడువు దాటింది" అన్న బటన్ కిందికి వచ్చి ఉంటుంది. కార్యవర్గం గడువు పొడిగిస్తే `Due` మార్చాలి, అయితే మొదటి గడువును `Due_First` అనే కాలమ్‌లో అలాగే వదిలేయాలి. లేకపోతే గడువు ఎన్నిసార్లు పొడిగించినా ప్రతి పనీ సకాలంలో జరిగినట్టే కనిపిస్తుంది.

మూడోది `FILTER` ఫంక్షన్. ఇది కూడా ఎక్సెల్ 2021, ఆ తర్వాతి వెర్షన్లు, మైక్రోసాఫ్ట్ 365లలోనే ఉంది. వేరే షీట్‌లో `B1` గడిలో బాధ్యుల పేరు ఎంచుకుంటే, కింద వారి మిగిలిన పనులన్నీ వస్తాయి:

```
=FILTER(tblRes,(tblRes[Owner]=B1)*(tblRes[Live]<>"ముగిసింది"),"ఏమీ లేవు")
```

మూలంలో మార్పు జరిగిన క్షణంలోనే ఇది మారుతుంది, మళ్లీ వర్తింపజేయనక్కరలేదు. ఒక్కో బాధ్యునికి వారి పేజీ పీడీఎఫ్‌గా పంపాలంటే ఇదే సరైన మార్గం. అయితే వచ్చిన ఫలితంలో దేన్నీ దిద్దలేము, అది చదవడానికే. గడువు లేని తీర్మానాలకు ఖాళీ బదులు సున్నా వస్తుంది, తేదీ ఫార్మాట్ ఉంటే అది 1900 నాటి తేదీలా కనిపించి కంగారు పెడుతుంది. ఫలితం పరుచుకోవలసిన గడుల్లో ఏదైనా రాసి ఉంటే `#SPILL!` అని వస్తుంది. దీన్ని ఎక్సెల్ టేబుల్ లోపల రాసినా ఇదే ఎర్రర్ వస్తుంది, కాబట్టి ఖాళీ షీట్‌లోనే పెట్టాలి.

ఈ మూడింటి మధ్య నిజానికి పోటీ లేదు. దిద్దేచోట ఫిల్టర్ బటన్, అందరికీ చూపేచోట స్లైసర్, పంపేచోట `FILTER` అని పంచుకోవచ్చు. పివట్ టేబుల్‌ను నేను ఈ జాబితాలో చేర్చలేదు. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్క చూపడానికి అది బాగుంటుంది గానీ, తీర్మానాల పూర్తి పాఠం చదవడానికి అనువుగా ఉండదు, పైగా చాలా వెర్షన్లలో ప్రతిసారీ రిఫ్రెష్ చేయాలి.

ఫైల్‌ను వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉంచి నలుగురూ ఒకేసారి తెరిచేచోట మాత్రం అదనపు జాగ్రత్త కావాలి. కోశాధికారి తన పేరు మీద ఫిల్టర్ పెట్టగానే అదే సమయంలో చూస్తున్న కార్యదర్శి తెర మీద కూడా మిగిలిన వరుసలు దాగిపోవచ్చు, తీర్మానాలు ఎవరో తొలగించారన్న అపోహ అలాగే పుడుతుంది. `View` ట్యాబ్‌లోని `Sheet View`లో `New` నొక్కి ఫిల్టర్ పెడితే అది ఎవరిది వారికే పరిమితమవుతుంది. ఈ సౌకర్యం ఎక్సెల్ 2021, ఆ తర్వాతి వెర్షన్లు, మైక్రోసాఫ్ట్ 365, వెబ్ ఎక్సెల్‌లలో, అదీ వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉంచిన ఫైళ్లకే ఉంది. అది లేనిచోట సభ్యులకు మాస్టర్ ఫైల్ ఇవ్వకుండా `FILTER` పేజీల పీడీఎఫ్‌లు పంపడమే క్షేమం.

దిద్దకూడనివి, ఏడాది మారినప్పుడు

`Resolution` కాలమ్‌లో మినిట్స్‌లో ఉన్న పాఠాన్నే ఉంచాలి, తర్వాత దాన్ని దిద్దకూడదు. తర్వాతి సమావేశం ఆ తీర్మానాన్ని సవరిస్తే సవరణకు కొత్త నంబర్‌తో కొత్త వరుస వేసి, పాతదానికి లాగ్‌లో "రద్దు" అని రాసి, నోట్‌లో కొత్త నంబర్ ఇవ్వాలి. ట్రాకర్‌కూ మినిట్స్‌కూ తేడా వస్తే మినిట్సే ప్రమాణం. ప్రతి సమావేశం తర్వాత ఆ తేదీ మీద ఫిల్టర్ పెట్టి, కిటికీ అడుగున స్టేటస్ బార్‌లో కనిపించే వరుసల సంఖ్యను మినిట్స్‌లోని తీర్మానాల సంఖ్యతో సరిచూసుకుంటే ఏదీ జారిపోదు. ఒక తీర్మానాన్ని రెండు వరుసలుగా విడదీసి ఉంటే ఆ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

ఏడాది ముగిసినప్పుడు కొత్త ఫైల్ తెరవాలా, అదే టేబుల్ కొనసాగించాలా అన్నది చివరి ఎంపిక. కొత్త ఫైల్ తెరిస్తే మిగిలిన తీర్మానాలను పాత నంబర్లతోనే తీసుకువెళ్లాలి, వాటి లాగ్ వరుసలు కూడా వెంట వెళ్లాలి. కొత్త నంబర్లు ఇస్తే మినిట్స్‌తో ఉన్న సంబంధం తెగిపోతుంది. ఈ శ్రమ అక్కరలేకుండా మొదటి రోజు నుంచే నంబర్‌లో సంవత్సరాన్ని చేర్చి `Y25-M03-R02` అని రాసుకుంటే అదే టేబుల్ రెండు మూడేళ్లు నిరాటంకంగా నడుస్తుంది, సంవత్సరానికి ఒక కాలమ్ పెట్టి దానికి మరో స్లైసర్ చేర్చుకుంటే సరిపోతుంది. వార్షిక నివేదికకు ఆ ఏడాది చివరి రోజు నాటి ప్రతిని విడిగా సేవ్ చేసి ఉంచాలి, ఎందుకంటే `TODAY()` మీద ఆధారపడిన `Live` కాలమ్ ఆ ఫైల్‌ను తర్వాత ఎప్పుడు తెరిచినా ఆనాటి పరిస్థితిని చూపదు. ఆ ప్రతిలో `Status`, `Live` కాలమ్‌లను ఎంచుకుని కాపీ చేసి, అదే చోట `Paste Values` చేస్తే ఆ తేదీ నాటి విలువలు స్థిరపడతాయి.